అమ్మీ రోజాలు, సార్ సవరణలు

ఇర్ఫానా వ్యాసం వెనక్కి తిరిగొచ్చింది. మొదటి పేజీ మీద మహేశ్వరి మేడమ్ ఎర్రసిరాతో రాసిన రెండు ముక్కలున్నాయి: "నమ్మకం కనబడుతోంది, వాదన కనబడటం లేదు. మళ్ళీ రాసుకుని మౌఖిక పరీక్షకు రండి." సోషియాలజీ ఎమ్మే ఆఖరి ఏడాది అది. ఈ పేపరు పోతే ఏడాదంతా పోయినట్టే. పాతూళ్ళో తాముండే సందు మొత్తానికి ఎమ్మే దాకా వచ్చిన ఆడపిల్ల తనొక్కతే కాబట్టి, పోతే ఆ సంగతి చేపల బజారు దాకా తెలుస్తుంది.

వ్యాసం పేరు "ఉపవాసం సహనాన్ని పెంచుతుంది". అందులో ఏముందంటే, కిందటేడు పోర్టులో లారీ మీంచి పడి నాన్న కరీం బాషా నడుం విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. అది రంజాన్ నెల. అమ్మీ మహబూబున్నీసా పగలంతా రోజా ఉండి, ఆయన మంచం పక్కన కూర్చుని, ఒక్క మాట గట్టిగా అనకుండా నెల గడిపింది. అల్లా ఆ సహనం చూసి నాన్నని నడిపించి ఇంటికి పంపాడు. కనుక ఉపవాసం సహనాన్ని పెంచుతుంది. రాస్తున్నప్పుడు ఇర్ఫానా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కన్నీళ్ళకి మార్కులుండవని అప్పుడు ఎవరూ చెప్పలేదు పాపం.

ఇక మిగిలింది గైడు సన్యాసిరాజు సారు. పిల్లల వ్యాసాలకి మెరుగు పెట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆయన పెట్టిన మెరుగుకి అసలు వస్తువు ఏదో దేవుడికి కూడా తెలియదు.

"ఏటమ్మా ఇది? వ్యాసం రాయమంటే కవ్వాలీ రాసేసావు," అన్నారు సారు, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి. "సూడు, అకడమిక్ అంటే రాసినోళ్ళు కనబడకూడదు. నాను, నువ్వు, మా అమ్మా, ఇయ్యన్నీ ఉండకూడదు. ఇలాగియ్యి, నాను సేత్తాను."

సేశారు. "నేను" ఉన్న చోటల్లా "పరిశోధకురాలు" వచ్చి కూర్చుంది. అల్లా "అతీతశక్తి భావన" అయ్యాడు. కన్నీళ్ళు "భావోద్వేగ ప్రతిస్పందన" అయ్యాయి. అమ్మీ "ఒక మధ్యవయస్కురాలైన సమాచారదాత" అయింది. నడుం విరిగిన నాన్న "కుటుంబ సంక్షోభం" అయి ఊరుకున్నాడు. వీటన్నిటి మీదా తిరగమోతలాగా "ఉపవాసం సహనాన్ని పెంచుతుందని పలు అధ్యయనాలు నిరూపించాయి" అన్న వాక్యం పడింది.

"ఏ అధ్యయనాలు సార్?" అంది ఇర్ఫానా.

"పలు అన్నాం కదా. పేరెడితే ఎతుకుతారు, పలు అంటే ఎవుడెతుకుతాడు?" అని సారు ఇంకో సలహా కూడా పారేశారు. "ఆ సమాచారదాత దగ్గర మాత్రం పర్మిషన్ తీసుకో. ఆవిడ గురించి రాసింది ఆవిడకి సదివి వినిపించి, సరే అనిపించుకో. ఎథిక్స్ అంటారు దాన్ని."

సన్యాసిరాజు సారు జీవితంలో ఇచ్చిన ఒకే ఒక్క మంచి సలహా అది. అదీ నోరు జారి వచ్చిందే.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, సమాచారదాత ఇంట్లోనే ఉంది. జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. ఇర్ఫానా చదివి వినిపించింది. మహబూబున్నీసా దారం పళ్ళతో తెంపి, "మధ్యవయస్కురాలంటే ఎవరు బేటా?" అని అడిగింది.

"నువ్వే అమ్మీ."

"సరేలే. ఆవిడ ఒక్క మాట గట్టిగా అనలేదని రాశావే, ఆవిడెవరు?"

ఇర్ఫానాకి అర్థం కాలేదు. మహబూబున్నీసా సూది పక్కన పెట్టింది.

"నర్సుని తిట్టాను. పక్క మంచం వాళ్ళని తిట్టాను. మంచం మీద కదల్లేని మీ అబ్బాని, లారీ ఎక్కమని ఎవరు చెప్పారని నోటికొచ్చినట్టు తిట్టాను. ఖాళీ కడుపుకి నా నోరు రెండింతలైంది. నువ్వు కాలేజీ అయ్యాక, పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళకి వచ్చేదానివి. అప్పటికి అందరి దగ్గరా మాఫీ అడిగేసి మెత్తగా కూర్చునేదాన్ని. రోజా విడవడానికి ఖర్జూరం నోట్లో పెట్టుకోవాలంటే పొద్దున్నుంచి అన్న మాటలన్నీ గొంతుకి అడ్డం పడేవి. రోజా నాకు సహనం ఇవ్వలేదు బేటా. నాకెంత సహనం లేదో చూపించింది."

ఇర్ఫానాకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అమ్మీ మీద కాదు, తన మీద. చూసింది సాయంత్రాలు, రాసింది నెల మొత్తం. సారు చేసిందల్లా ఆ తప్పుకి ఇస్త్రీ చేసి ఇవ్వడమే.

"ఇది రాయనా అమ్మీ? తిట్టావని కూడా?"

"తిట్టింది నిజమే కదా. రాయి. మధ్యవయస్కురాలు మాత్రం తీసెయ్."

మళ్ళీ మొదటి నుంచి రాసింది. ఉపవాసం సహనాన్ని పెంచుతుందా అన్న ప్రశ్న తీసేసింది, ఒక ఇంటి ముచ్చటతో దాన్ని తేల్చలేం. రోజా ఉన్న మనిషి తన కోపాన్ని ఎలా అర్థం చేసుకుంటుంది అన్నది పెట్టింది. అమ్మీ మాటల్ని అమ్మీ మాటలుగానే, ఆమె అనుమతితో, ఉన్నవున్నట్టు పెట్టింది. నాన్న నడిచింది అల్లా దయ వల్లనన్న మాట కొట్టెయ్యలేదు, "అని ఆమె నమ్ముతుంది" అని రాసింది. తానామె కూతురినని, తానూ రోజా ఉండే మనిషినేనని మొదటి పేజీలోనే చెప్పేసింది. పలు అధ్యయనాలు ఎగిరిపోయి, తను నిజంగా చదివిన మూడు మిగిలాయి. "రోజాలో నాకు ఆకలి తప్ప ఏం తెలియలేదు" అన్న పక్కింటి సనోబర్ మాట కూడా చేర్చింది, అది తన వాదనకి ఎదురు తిరిగేదే అయినా.

సన్యాసిరాజు సారు అది చూసి తల పట్టుకున్నారు. "నాను తీసిందంతా మళ్ళీ ఎట్టేసావు. పోతావమ్మా, నాకు సంబంధం లేదు."

మౌఖిక పరీక్షలో మహేశ్వరి మేడమ్ మొదటి పేజీ మీద వేలు పెట్టి, "నమ్మేవాళ్ళు దీన్ని పరిశీలించగలరా?" అని అడిగింది.

ఇర్ఫానా కూడా ఆ పేజీ మీదే వేలు పెట్టింది. "నమ్ముతాను మేడమ్. నమ్మకం వల్లే మొదటిసారి తప్పు చూశాను. అందుకే దాన్ని దాచకుండా ముందే చెప్పాను. కానీ ఇందులో నా నమ్మకాన్ని దేనికీ రుజువుగా వాడలేదు."

మేడమ్ ఇంకా చాలా అడిగింది. ఒక్క ఇంటి మాటలతో ఎంతవరకు చెప్పగలవంది. ఈ ఇంటివరకే అంది ఇర్ఫానా. ఆ జవాబుకి మేడమ్ తలూపి, పాసు చేసి, డిపార్టుమెంటు వేసే సంచికకి ఈ వ్యాసం ఇమ్మంది.

ఆ మాట వరండాలోకి వచ్చేసరికి సారు అక్కడే ఉన్నారు. చేతిలో అప్పటికే ప్రింటు తీసిన కొత్త మొదటి పేజీ. గైడు పేరు ముందు ఉండటం అక్కడి ఆనవాయితీ కాబట్టి పైన పెద్దక్షరాల్లో సన్యాసిరాజు, కింద చిన్నక్షరాల్లో ఇర్ఫానా.

"మనది బాగా వచ్చిందమ్మా," అన్నారు.

ఇర్ఫానా ఆ కాగితాన్ని ఆసాంతం చూసి, మడత పెట్టకుండా ఆయన చేతికే ఇచ్చేసింది.

"రాసినవాళ్ళు కనబడకూడదని మీరే కదా సార్ నేర్పారు. ఈ వ్యాసంలో ఎంత వెతికినా మీరు కనబడరు. నాకే ఇంకా ఆ విద్య రాలేదు, అందుకని నా పేరు ఉంచేస్తున్నాను."

గుమ్మంలో నిలబడ్డ మహేశ్వరి మేడమ్ ఇదంతా వింది. సారు కళ్ళజోడు నుదుటి మీంచి కిందకి దించుకుని, క్లాసుందని వెళ్ళిపోయారు. ఆ గంటలో ఆయనకి క్లాసు లేదు.