పదకొండో షాట్

పొద్దున్న తొమ్మిదికల్లా హ్యేరిన్ గొంతు సగం పోయింది. మిగిలిన సగాన్ని సాయంత్రం నాలుగు దాకా ఎలా నెట్టుకురావాలో ఆమెకు తెలియడం లేదు.

పేరుకు ఆమె సహాయ దర్శకురాలు. దర్శకుడు సంగ్‌మో కాలేజీలో ఆమెకు రెండేళ్ళు సీనియరు. ఒక రాత్రంతా కూర్చుని ఇరవై ఏడు షాట్లు రాసుకొచ్చాడు, అదీ కథ నడిచే వరుసలో. కథ చిన్నదే. సైన్యంలో చేరబోయే కుర్రాడు గుండు చేయించుకోవడానికి సెలూన్‌కి వస్తాడు. ఆ మంగలి కొడుకు సైన్యానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఉన్నది ఇద్దరు నటులు, ఒక గది. ఇంతకన్నా తేలికైన సినిమా ఉంటుందా అనుకుంటారు తెలియనివాళ్ళు.

జుట్టు ఒక్కసారే పోతుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. అందుకే హ్యేరిన్ రెండు రోజులు కూర్చుని ఆ ఇరవై ఏడింటినీ తిరగరాసింది. ముందు కెమెరా అద్దం వైపు తిప్పి, జుట్టున్న షాట్లన్నీ. తర్వాత అద్దం దగ్గర నుంచి తలుపు వైపు తిప్పి, మళ్ళీ జుట్టున్నవే. దిక్కు మారిన ప్రతిసారీ లైట్లు సర్దడానికి నలభై నిమిషాలు పడుతుంది కాబట్టి ఒక్కసారే మార్చాలి. ఆ వరుసలో చివరిది పదకొండో షాట్: ఎదురుగా కుర్రాడి ముఖం, "తీసేయండి" అన్న మాట, మంగలి తటపటాయింపు, నుదుటి మీంచి మెషిన్ మొదటి గీత. అక్కడ ఆపి, కెమెరాను పక్కకి జరిపి, మిగతా గుండు ఒకే టేకులో తీయాలి. ఇదంతా పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించింది.

కుర్రాడి వేషం వేస్తున్న తేయుల్ నిజంగానే వచ్చే సోమవారం, మగపిల్లలందరికీ తప్పని సైనిక శిక్షణ శిబిరానికి వెళ్తున్నాడు. స్నేహితులంతా కలిసి గుండు చేయించి ఫోటోలు దిగుదామనుకుంటే, హ్యేరినే బతిమాలి ఆపింది. "నీ జుట్టు వృథా కానివ్వను, నాది పూచీ" అంది. వాడు నవ్వి, సరే అక్కా అన్నాడు. ఆ మాట ఇచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు సరిగా నిద్రలేదు.

పదకొండు గంటలప్పుడు ముప్పు వచ్చింది. మబ్బు విడిపోయి, కిటికీలోంచి ఎండ కుర్చీ మీద పడింది.

"అబ్బ! చూశావా ఆ వెలుగు?" సంగ్‌మో కుర్చీ చుట్టూ తిరిగాడు. "కెమెరా పక్కకి పెట్టండి. గుండు షాట్ ఇప్పుడే తీసేద్దాం."

"అన్నా, పదకొండు ఇంకా తీయలేదు."

"తర్వాత తీద్దాంలే."

"తర్వాతా? గుండుకా?"

"ఏయ్, ఆ ఎండ ఇరవై నిమిషాలు కూడా ఉండదు. అన్నీ నీ కాగితం ప్రకారమే జరగాలంటే ఎలా? పక్కనుంచి తీసినదాంట్లోనే పదకొండు కూడా వచ్చేస్తుంది."

"రాదు. పక్కనుంచి ముఖం సగమే కనిపిస్తుంది."

"దర్శకుడు నువ్వా నేనా?"

సీనియరు ఆ మాట అన్నాక జూనియరు నోరెత్తకూడదు. ఆ కాలేజీలో అదే పద్ధతి. హ్యేరిన్ కూడా నోరు మూసుకుంది. అలా మూసుకున్నందుకు తన్ను తాను ఎన్ని తిట్టుకుందో లెక్కలేదు.

టేకు అద్భుతంగా వచ్చింది. ఎండలో వెంట్రుకలు రాలుతుంటే కెమెరా నడిపే అమ్మాయి గుంజు కూడా ఊపిరి బిగబట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. తేయుల్ నున్నటి తల తడుముకుని సిగ్గుపడ్డాడు. తర్వాత కింబాప్ అన్నం చుట్టల పొట్లాలు విప్పారు. రెండు ముక్కలు తిన్నాక సంగ్‌మో మానిటర్ ముందు కూర్చుని ఆ టేకును మళ్ళీ చూశాడు. మూడో ముక్క నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"తీసేయండి అన్నప్పుడు వాడి కళ్ళు కనబడటంలేదే."

హ్యేరిన్ తన పొట్లం మళ్ళీ చుట్టేసింది. నోరు తెరిస్తే అరుస్తానని భయపడింది.

"విగ్గు?" అన్నాడు.

"ఎక్కణ్ణుంచి వస్తుందన్నా? మంగళవారం సెలూన్లకు సెలవు కాబట్టే మనకీ గది ఇచ్చారు. వచ్చే మంగళవారానికి వీడు తుపాకి పట్టుకుని ఉంటాడు."

"పదకొండు లేకపోతే సినిమాయే లేదు." సంగ్‌మో చేతిలో ముక్క పక్కన పెట్టేశాడు. తేయుల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అయితే అక్కా, నా జుట్టు..." అని ఆగిపోయాడు.

మంగలి వేషం వేసిన పిల్‌జే మాస్టారు ముప్పై ఏళ్ళుగా నాటకాలాడుతున్న మనిషి. సాయంత్రం వేరే ప్రదర్శన ఉంది కాబట్టి నాలుగుకి వెళ్ళిపోవాలి. ఆయన టీ పక్కన పెట్టి, "అమ్మాయీ, ఆ షాట్‌లో చూడాల్సింది పిల్లాణ్ణా, నన్నా?" అన్నాడు.

హ్యేరిన్ కాగితం ముందేసుకుంది. కోపంలో ఆమె బుర్ర బాగా పనిచేస్తుంది. కెమెరా అద్దం దగ్గర, ఎదురుగానే. కానీ కాస్త పైకి. ఫ్రేము అడుగున కేవలం జుట్టు, నుదుటి అంచు. పైన మాస్టారి ముఖం, చేయి. మాట మాత్రం తేయుల్ కెమెరా పక్క నుంచి చెబుతాడు. మొదటి గీత దగ్గర కట్ చేసి, ఎండలో తీసిన టేకుకి అతికించవచ్చు. దానికి నల్లటి జుట్టున్న తల ఒకటి కావాలి. అంతే.

అందరి చూపులూ ఆమె పొట్టి జుట్టు మీదికి వెళ్ళాయి. సంగ్‌మో అయితే సిగ్గులేకుండా, "నీది సరిగ్గా సరిపోతుంది కదా" అన్నాడు.

"నీది ఇంకా బాగా సరిపోతుందన్నా. పొద్దున తీసిన ఫోటో పక్కన పెట్టి చూడు. పొడవూ అదే, పాపిడీ అదే."

"నేను సైన్యంలో ఒకసారి చేయించుకున్నాను! ఏడాదిన్నర పట్టింది ఇది పెరగడానికి!"

"వాడికీ అంతే పడుతుంది."

"మెషిన్ ఆపేసి, ఊరికే తలమీద జరిపితే?"

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "చేతికి జుట్టు తగలాలయ్యా. లేకపోతే నా ముఖం అబద్ధమాడుతుంది."

సంగ్‌మో గోడమీది కాగితం వంక చూశాడు. పొద్దున్నుంచీ దాన్ని చదవడం అదే మొదటిసారి. చదివి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. మాస్టారు అతని మెడచుట్టూ తెల్లగుడ్డ కట్టాడు. లైట్లు సర్దడానికి నలభై నిమిషాలు పట్టింది.

దర్శకుడు కుర్చీలో ఉన్నాడు కాబట్టి "మొదలు" అన్నది హ్యేరినే.

"తీసేయండి" అన్నాడు తేయుల్ కెమెరా పక్కనుంచి. రిహార్సల్లో ఎన్నడూ అంత మెల్లిగా అనలేదు. మాస్టారు మెషిన్ ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిలబడ్డాయి, కిందికి రాలలేదు. మెషిన్ నుదుటి నడుమ నుంచి వెనక్కి వెళ్ళింది. ఫ్రేముకి కింద, ఎవరికీ కనబడని చోట, సంగ్‌మో ముక్కు మీద వెంట్రుకలు పడుతున్నాయి. అతను కళ్ళు గట్టిగా మూసుకుని ఏడుస్తున్నాడు. హ్యేరిన్‌కి మాత్రమే కనబడింది. ఆమె కోపం తగ్గలేదు. కానీ జాలి కూడా వచ్చింది, అది ఇంకా విసుగు తెప్పించింది.

"కట్."

గుంజు మానిటర్‌లో చూసి, బాగుందని వేలు చూపించింది. సంగ్‌మో తల నడుమ తెల్లటి దారితో అలాగే కూర్చున్నాడు. తేయుల్ వచ్చి మాస్టారి చేతిలోంచి మెషిన్ తీసుకున్నాడు.

"మిగతాది నేను తీస్తానన్నా. ఇలా వదిలేస్తే బస్సెక్కనివ్వరు."

"తేయుల్." సంగ్‌మో కళ్ళు తెరవలేదు. "క్షమించరా. ఊరికే పోగొట్టేవాణ్ణి నీ జుట్టు."

"పోలేదు కదన్నా. అక్క ఉంది." వాడు ఎడమ చెవి వెనక నుంచి మొదలుపెట్టాడు.

హ్యేరిన్ గోడ దగ్గరికి వెళ్ళి అటు తిరిగింది, కళ్ళు ఎవరికీ కనబడకుండా. రెండు గంటలయింది. ఇంకా తొమ్మిది షాట్లున్నాయి. ఉన్న రెండు గంటల్లో ఐదే పడతాయి. కాగితం మీద నాలుగు షాట్లు కొట్టేసింది, అవన్నీ సంగ్‌మోకి ప్రాణమైనవే.

"ఏవి పోయాయి?" అని అడిగాడు అతను కుర్చీలోంచి.

"చెప్పను."

"సరే" అన్నాడు సంగ్‌మో.