ముందుకు జరిగిన వాయిదా

వంతల ఫల్గుణ కేసు జనవరి ఏడు నుంచి డిసెంబరు పదిహేడు మంగళవారానికి ముందుకు జరిగిందని వరహాలరావుకి గురువారం మధ్యాహ్నం తెలిసింది. చింతపల్లి కోర్టులో మేజిస్ట్రేటు గారికి బదిలీ వచ్చింది. వెళ్లేలోగా ఆఖరి దశకొచ్చిన కేసులు తేల్చేస్తామని, అటు సర్కారు వకీలుకీ, ఇటు ముద్దాయిల వకీళ్లకీ కొత్త తేదీలు చెప్పారు. వకీలు లక్ష్మీప్రసాద్ దగ్గర వరహాలరావు ఇరవై ఆరేళ్లుగా గుమస్తా. తేదీ డైరీలో రాసుకుని ఫల్గుణకి ఫోన్ చేశాడు. ఫోన్ అందలేదు. మెసేజ్ పెట్టాడు. అదీ చేరలేదు.

ఫల్గుణది గూడెం కొత్తవీధికి పైన, సిగ్నల్ సరిగా అందని ఊరు. రెండేళ్ల కిందట అతను నడిపే సర్వీసు జీపు ఘాట్ మలుపులో బోల్తా పడి, పందొమ్మిదేళ్ల సుమ చనిపోయింది. అదే ఊరి పిల్ల. నిర్లక్ష్యంగా నడిపి చావుకి కారణమయ్యాడని కేసు. బెయిలు మీద ఉన్నాడు. ఆ రోజు నుంచి స్టీరింగు పట్టుకోలేదు.

వరహాలరావు ఆ దారిలో జీపు నడిపే బుజ్జిబాబుకి ఫోన్ చేశాడు. అప్పుడే మరో కేసు తాలూకు మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వరహాలరావు తొందరలో రెండు ముక్కలు చెప్పాడు.

"ఫల్గుణకి చెప్పు. కేసు మారింది. మంగళవారం తప్పకుండా రావాల. రాకపోతే పోలీసులు పట్టుకుపోతారు."

"అలాగే బాబూ" అన్నాడు బుజ్జిబాబు.

సోమవారం పొద్దున్న అడిగితే, శుక్రవారమే చెప్పానన్నాడు. ఫల్గుణ మాత్రం ఆఫీసుకి రాలేదు, కబురూ లేదు. వకీలు కేసు కట్ట చూసి తల పట్టుకున్నాడు.

"రేపు ముద్దాయిని ప్రశ్నించే రోజు. సాక్షులు చెప్పినవన్నీ చదివి నువ్వేమంటావని అతన్నే అడుగుతారు. నేను బదులు చెప్పడానికి లేదు. గైర్హాజరు పిటిషన్ ఇప్పటికే రెండుసార్లు వేశాం. మూడోసారి ఒప్పుకోరు, వారంటు ఇచ్చేస్తారు. మీరు వెళ్లి తీసుకొస్తారా?"

వరహాలరావుకి మోకాళ్ల నొప్పులు. అయినా వెళ్లాడు. గూడెం కొత్తవీధిలో జీపు దిగి, ఇంకో జీపు ఎక్కి, ఆపైన రెండు మైళ్లు నడిచాడు. ఫల్గుణ భార్య కనక ఇంటి ముందు కాఫీ పళ్లు ఎండబోస్తోంది. అతన్ని చూడగానే చేతిలో చేట కింద పెట్టేసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంట్లో లేడు బాబూ."

"ఎక్కడికెళ్లాడమ్మా?"

"తెలీదు."

"నేను పోలీసుని కాదు. వకీలు గారి గుమస్తాని. రేపు వాయిదా ఉంది."

"వాయిదా కాదంట కదా. కేసు మారిపోనాదంట. మంగళవారం వస్తే జైలుకి పంపేస్తారంట." ఆమె గుమ్మం వదల్లేదు. "బుజ్జిబాబు సెప్పిన కాడి నుంచి అన్నం తిన్లేదు. శనివారం తెల్లారి లేచి సూస్తే లేడు."

బుజ్జిబాబు ఏమీ కలిపి చెప్పలేదని వరహాలరావుకి అర్థమైంది. తానే మంగళవారం ఏం జరుగుతుందో చెప్పకుండా, రాకపోతే ఏమవుతుందో మాత్రం చెప్పాడు. వాళ్లకి ఆ పోలీసుల మాటే చెవిలో మిగిలి, వస్తేనే జైలనుకున్నారు.

"తప్పు నాదమ్మా. సరిగ్గా చెప్పలేదు" అన్నాడు అరుగు మీద కూలబడి. "మారింది తేదీ ఒక్కటే. రేపు తీర్పు కాదు. జడ్జిగారు ప్రశ్నలు అడుగుతారు, జవాబులు చెప్పి ఇంటికి వచ్చెయ్యొచ్చు. కానీ రాకపోతే వారంటు వస్తాది. పట్టుకుపోతే బెయిలు మళ్లీ దొరకడం కష్టం. జామీను పెట్టిన మీ అన్నయ్యకీ నోటీసు వస్తాది."

కనక చాలాసేపు అతని మొహం చూసింది. తర్వాత లోపలికెళ్లి కొంగు బిగించుకుని వచ్చింది. "నడవగలవా బాబూ?"

కొండ అవతల మిరియాల తోటలో, కాపలా పాకలో ఉన్నాడు ఫల్గుణ. వాళ్లని చూసి లేచి పారిపోబోయాడు. కనక పేరు పెట్టి పిలిచేసరికి ఆగిపోయాడు. మూడు రోజులకే మనిషి సగమయ్యాడు.

వరహాలరావు మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి నెమ్మదిగా, ఒక్కో ముక్కా. పదిన్నరకల్లా కోర్టులో ఉండాలి. అంతకు ముందే ఆఫీసుకొచ్చి వకీలుతో మాట్లాడాలి. ఆధార్ కార్డు తేవాలి. నీ తరఫున చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు, ఉంటే పేర్లివ్వాలి.

"నా తరఫున ఎవరు సెప్తారు బాబూ?" అన్నాడు ఫల్గుణ నేల చూస్తూ. "ఆ సుమ గుంట తల్లి అసిరమ్మ మా ఇంటి ముందు నుంచే నీళ్లకెళ్తాది. నా మొహం సూడదు. నాకింకేటి కావాల. పట్టుకెళ్తే పట్టుకెళ్లమను."

"మరి నేను?" అంది కనక.

ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేనేటయిపోవాల? జామీనుకి పెట్టిన మా అన్న భూమి కాగితాలేటయిపోవాల? నువ్వు అడవిలో దాక్కుంటే సుమ లేచొస్తాదా?"

ఫల్గుణ కూలబడి మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వరహాలరావు పక్కకి జరిగి నిలబడ్డాడు. ఎండ కొండ మీద నుంచి జారిపోతోంది. కిందికి దిగే ఆఖరి జీపు తప్పిపోతుందని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు.

చివరికి ఫల్గుణే లేచాడు. "బేగి నడండి" అన్నాడు.

మర్నాడు ఉదయం ఆఫీసులో లక్ష్మీప్రసాద్ అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. బ్రేకు పట్టలేదన్నది నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాడు ఫల్గుణ. "అయితే ఆ మాటే చెప్పు. అడిగినదానికే చెప్పు."

పన్నెండు దాటాక పిలిచారు. బోనులో ఫల్గుణ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో సాక్షి చెప్పింది మేజిస్ట్రేటు చదివి వినిపించారు. వేగంగా నడిపావని చెప్పారు, నిజమేనా? కాదండి. బ్రేకు పట్టలేదండి. నీ తరఫున సాక్షులున్నారా? లేరండి. ఇంకేమైనా చెప్పుకుంటావా?

ఫల్గుణ కడ్డీ వదిలి చేతులు కట్టుకున్నాడు. "పద్నాలుగు మందిని ఎక్కించానండి" అన్నాడు. "బ్రేకు మెత్తగా ఉందని పొద్దున్నే తెలుసండి. సంత రోజని తీశాను."

లక్ష్మీప్రసాద్ కళ్లు మూసుకున్నాడు. రాసేది రాసేశారు. వేలిముద్ర వేయించుకున్నారు.

వాదనలు గురువారం జరిగాయి. సోమవారం తీర్పు. ఆరు నెలల జైలు. అప్పీలు వేసుకుంటామని వకీలు అడగ్గా, ముప్పై రోజులు శిక్ష ఆపి, కొత్త జామీనుల మీద ఇంటికి పంపారు. కనక అన్న మళ్లీ వచ్చి సంతకం పెట్టాడు.

కోర్టు వరండాలో వరహాలరావు వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి ఓ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాడు. తీర్పు నకలు రాగానే పై కోర్టులో అప్పీలు. నెల దాటితే జైలే. దానికోసం వచ్చే శుక్రవారం ఆఫీసుకి రావాలి. చదివి వినిపించి, కనక చేత తిరిగి చెప్పించుకున్నాడు. ఆమె ఒక్క ముక్క తప్పకుండా చెప్పింది.

"ఈ తేదీ కూడా మారతాదా బాబూ?"

"అప్పీలు గడువు మారదు. పై కోర్టు పెట్టే వాయిదాలు మారొచ్చు. మారితే నేనే వచ్చి చెప్తాను" అన్నాడు వరహాలరావు.

ఫల్గుణ ఆ మాటలు విన్నట్టు లేడు. మెట్ల కింద, ఇదివరకు సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టే తీర్పు వినడానికీ వచ్చిన అసిరమ్మ ఒక్కతే జీపు కోసం నిలబడి ఉంది. అతను లేచి అటు రెండడుగులు వేశాడు. ఈసారి ఆమె తల తిప్పుకోలేదు. జీపు వచ్చింది. ఆమె ముందుగా ఎక్కింది. కనక ఆమె పక్కన కూర్చుంది. ఫల్గుణ వెనక కడ్డీ పట్టుకుని వేలాడాడు, లోపల చోటున్నా.