ఒకటో లీడ్‌లో తలకిందులు

తోటివాళ్ళు ఆమెకు పెట్టిన పేరు తొందరమ్మ. ఈసీజీ చేతికందగానే జబ్బు పేరు చెప్పేస్తుంది, దారిలో ఉన్నవన్నీ వదిలేస్తుంది. అలాగే ప్రాక్టికల్స్ రెండుసార్లు తప్పింది. ఇది మూడోది, ఆఖరుది. ఇదీ పోతే డాక్టరు చదువే పోతుంది.

ఈసారి పరీక్షలో ఈసీజీ తీయడమూ, చదవడమూ రెండూ ఆమే చేయాలి. మంచం మీద పడుకున్నది రిటైరైన బస్సు డ్రైవరు, డాక్టరు చదివే పిల్లలకు సాయంగా ఉంటుందని ఒప్పుకుని వచ్చిన పెద్దమనిషి. గబగబా తీగలు తగిలించి, కాగితం లాక్కుని ఆమె పరీక్షకురాలి ముందు కూర్చుంది.

ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వరసగా చదివింది. ఆర్ అనే రెండు పొడవాటి శిఖరాల మధ్య నాలుగు పెద్ద గళ్ళు, మూడు వందల్ని నాలుగుతో భాగిస్తే గుండె వేగం నిమిషానికి డెబ్భై ఐదు. కింది పొడవు పట్టీలో లయ సమానంగా ఉంది, ప్రతి గుండెచప్పుడుకీ ముందు పీ అనే చిన్న అల ఉంది. సైనస్ రిథమ్, లయ మామూలే అంది. ఇక యాక్సిస్, గుండెలో కరెంటు నడిచే దిక్కు. ఒకటో లీడ్‌లో, అంటే రెండు చేతుల మధ్య తీసిన గీతలో, అలలు కిందికి; కాలివైపు లీడ్ ఏవీఎఫ్‌లో పైకి. అంటే కుడివైపు ఒరిగింది. పరీక్షకురాలు మొహంలో ఏ కదలికా లేకుండా రాసుకుంది.

ఆ తర్వాత ఇస్కీమియా, గుండెకు రక్తం చాలకపోవడం. ఒకటో లీడ్‌లోనూ, ఎడమ చేతి లీడ్ ఏవీఎల్‌లోనూ టీ అల తలకిందులు. గుండె పక్కగోడకు రక్తం చాలడం లేదని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు చూసింది, ఒకటో లీడ్‌లో పీ అల కూడా తలకిందులే. మామూలుగా కిందికి ఉండాల్సిన కుడి చేతి లీడ్ ఏవీఆర్‌లో అన్నీ పైకే. ఛాతీ లీడ్‌లు మాత్రం బంగారంలా ఉన్నాయి, వాటిలో ఆఖరుది వీ6 నిటారుగా లేచింది. గుండే కుడివైపు ఉన్న మనిషికీ ఒకటో లీడ్ ఇలాగే తలకిందులవుతుంది కానీ, ఛాతీ లీడ్‌లు ఇలా ఉండవు.

గుండె కాదు, తీగలు. కుడి చేతి తీగ ఎడమ చేతికి తగిలించింది తనే. ఒప్పుకుంటే ఈసీజీ తీయడంలో తప్పినట్టు, అందులో తప్పితే చదివినదానికి మార్కులొచ్చినా లాభం లేదు. ఇస్కీమియా అంటే మాట అతుకుతుంది, గట్టెక్కినా గట్టెక్కవచ్చు. కానీ ఏ జబ్బూ లేని ఆ మనిషిని గుండె వార్డుకు పంపాలి. ఎటూ దారి లేదు. ఏడుపొచ్చింది.

"ముగించావా?" అంది పరీక్షకురాలు.

"చేతుల తీగలు తారుమారయ్యాయి మేడమ్. తప్పు నాదే. ఆయనకి ఇస్కీమియా ఉందని దీన్ని బట్టి చెప్పలేం, మళ్ళీ తీయాలి."

పరీక్షకురాలు కలం మూసింది. చదవడం చాలా బాగుందని, ఇన్నేళ్ళలో ఇలా చదివినవాళ్ళు తక్కువని మెల్లగా చెప్పింది. రూలు మాత్రం రూలే, తీగలు తప్పితే పరీక్ష పోయినట్టే అని, మళ్ళీ తీయడానికి టైమైపోయిందని కూడా చెప్పింది.

ఆమె ఇప్పుడు తొందరపడకుండా ఒక్కో తీగా విప్పింది. గుండెకేమన్నా అయిందా అని పెద్దమనిషి భయంగా అడిగాడు. ఏమీ కాలేదని, తీగలు తానే తప్పుగా పెట్టానని చెప్పింది.

"దానికేముందమ్మా, మళ్ళీ తియ్యి," అని ఆయన తొడుక్కోబోయిన చొక్కా పక్కన పెట్టి, బుద్ధిగా వెల్లకిలా పడుకున్నాడు.

తలుపు దగ్గర తర్వాతి అభ్యర్థి అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు.