పసుపు కోట్లు

వీధిలో అందరూ ఆమెను కోట్లమ్మ అంటారు. పిల్లలకు రెయిన్‌కోట్లు కుడుతుంది కాబట్టి ఆ పేరు. కోట్లు కుట్టడమే గానీ చేతిలో కోట్లేమీ లేవని ఆమే నవ్వుతూ చెప్పుకుంటుంది.

ఆ ఉదయం మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. పార్సిల్ కట్టే ముందు కోటులో పాత పేపర్లు కుక్కి, పైనుంచి చెంబుతో నీళ్లు కుమ్మరించి చూడడం ఆమెకు అలవాటు. పేపరు పొడిగా ఉంటేనే కోటు గడప దాటుతుంది. ఆ రోజు విప్పి చూస్తే పేపరు ముద్దయిపోయింది. ఇంకోటి చూసింది, అదీ అంతే. పదో కోటు దాకా చూసి, చెంబు పక్కన పెట్టి కూలబడింది.

"టేపు సరిగ్గా అతకలేదు వదినా," అన్నాడు మరిది, తల దించుకుని. నీళ్లు దిగకుండా కుట్ల మీద టేపు వేసి వేడి ప్రెస్సుతో నొక్కడం అతని పని. "శనివారానికి ఇచ్చెయ్యాలని తొందర తొందరగా లాగించేశాను."

"నేనే కదా తొందరపెట్టింది."

శనివారానికి ఇస్తామని మూడు బడుల పిల్లల తల్లిదండ్రుల దగ్గర ముందే డబ్బు తీసుకున్నారు. వాళ్లంతా వద్దంటే కొట్టు మూతపడుతుంది. మిషన్లు అమ్ముకుని, ఒకప్పుడు పనిచేసి మాట పడలేక వదిలేసి వచ్చిన బట్టల ఫ్యాక్టరీ గేటు ముందే ఆమె మళ్లీ పని కోసం నిలబడాలి. ఆ ఊహకే ఆమెకు ఒళ్లు మండింది.

మరిది ఫోన్ తీసి గబగబా కొట్టి చూపించాడు: 'అనివార్య కారణాల వల్ల ఆర్డర్లు కొంత ఆలస్యమవుతున్నాయి. అసౌకర్యానికి చింతిస్తున్నాం.'

"ఇది కరెంటాఫీసు వాళ్ల బోర్డులా ఉంది. ఇందులో అనివార్యం ఏముందబ్బాయ్? కాస్త నిదానంగా చేస్తే సరిపోయేది. కొంత అంటే ఎంత? అంతవరకూ పిల్లలు తడుస్తూ బడికెళ్లాలా?"

"తప్పు మాదేనని రాస్తే పరువు పోదూ?"

"తడిసొచ్చిన పిల్లాణ్ణి చూశాక వాళ్లు తిట్టే తిట్లకు పోదా? సరే, నిజం చెప్పు. మళ్లీ అతికించడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"వారంలో..."

"మళ్లీ తొందరే!"

"రెండు వారాలు," అన్నాడు నీరసంగా.

"మూడని రాయి. ముందే ఇస్తే ఎవరూ కొట్టరు."

ఆమె చెబుతుంటే అతను టైపు చేశాడు.

'నమస్కారం. శనివారం అందాల్సిన మీ రెయిన్‌కోటు అందదు. క్షమించండి, తప్పు మాదే. తొందరపడి కుట్ల మీద టేపు సరిగ్గా అతికించలేదు. నీళ్లు పోసి చూస్తే లోపలికి దిగాయి. మళ్లీ అతికించి, పరీక్షించి, మూడు వారాల్లోపు ఇంటికి పంపుతాం. ఆగలేమంటే "వద్దు" అని ఒక్క మాట పంపండి, కారణం అడగకుండా డబ్బంతా ఆ రోజే వెనక్కి వేస్తాం. మీరు ఆగినా ఆగకపోయినా, పిల్లలు తడవకుండా రేపే ఒక పసుపు కోటు పంపుతున్నాం. అది పోయినేడు కుట్టింది. రంగు నచ్చకపోవచ్చు గానీ చుక్క నీరు దిగదు. దానికి డబ్బక్కర్లేదు, తిరిగివ్వనూ అక్కర్లేదు. ఫోన్ చేస్తే నేనే మాట్లాడతాను.'

పసుపు కోట్లు అటక మీద మూలుగుతున్నాయి. ఆ రంగు చూసి ఒక్కరూ కొనలేదు. అయినా మరిదికి ప్రాణం ఒప్పలేదు.

"వద్దన్నవాళ్లకి కూడానా వదినా?"

"వాళ్ల పిల్లల మీద వాన పడదా?"

మెసేజి వెళ్లింది. మొదటి ఫోన్‌లోనే ఒక తల్లి దులిపేసింది. "మావాడు ఎర్ర కోటు ఎర్ర కోటని కలవరిస్తున్నాడు. మీ మాట నమ్మడం నాదే బుద్ధితక్కువ. డబ్బు వేసెయ్యండి!" కోట్లమ్మ ఫోన్ పెట్టేయగానే డబ్బు వేయించింది. తర్వాత ఇంకొన్ని 'వద్దు'లు వచ్చాయి. ఆ తర్వాత మెల్లగా, 'ఆగుతాం', 'నిదానంగా చెయ్యండి', 'నిజం చెప్పినందుకు సంతోషం' అంటూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మరిది లెక్కపెట్టడం మానేసి మళ్లీ మళ్లీ చదువుకున్నాడు.

అటక ఖాళీ అయింది. పసుపు కోట్లన్నీ ఇంకోసారి నీళ్ల పరీక్ష దాటి ఇళ్లకు వెళ్లాయి.

సోమవారం బడి వేళకు వాన విరుచుకుపడింది. కొట్టు గుమ్మంలో నిలబడ్డ కోట్లమ్మ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. వీధి పొడవునా పసుపే. ఎవరూ ముట్టని రంగు గెంతుతూ, గుంటల్లో దూకుతూ, కేరింతలు కొడుతూ బడికి పోతోంది. ఆమెకు గట్టిగా అరవాలనిపించింది, అరిచింది కూడా. మరిది ఈల వేశాడు.

గొడుగు కింద ఒక తల్లి కొడుకుని లాక్కుంటూ మెట్లెక్కింది. గొంతు వినగానే కోట్లమ్మ గుర్తుపట్టింది.

"డబ్బు అప్పుడే వచ్చేసింది. కోటూ వచ్చింది. ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నానండీ," అంది ఆమె మొహమాటంగా. "ఎర్రది మళ్లీ రాసుకోండి. ఎప్పుడిచ్చినా సరే. మా చెల్లెలి పిల్లలకి కూడా రెండు."

"నాకు ఎర్రది వద్దు, ఇదే కావాలి!" అన్నాడు కొడుకు.

కోట్లమ్మ వంగి, నీళ్లు కారుతున్న ఆ పసుపు కోటు మెడలోంచి చెయ్యి పెట్టి భుజం కుట్టు పొడవునా తడిమింది. చెయ్యి బయటికి తీసి మరిదికి చూపించింది.

పొడిగా ఉంది.