ఇద్దరి పేరున్న అడ్వాన్సు

మా ముసునూరు మామిడి పూత వాసనకు తేనెటీగలు కూడా మత్తెక్కి నూజివీడు బస్సెక్కేస్తాయి. అలాంటి పూత రోజుల్లో ఒక మంచు ఉదయాన మామిడి వ్యాపారి కృష్ణకాంత్ మా అరుగు మీదికి వచ్చాడు. పక్కనే ఉన్న నా డాబాలో అద్దెకున్న అతనూ భార్య సింధూరా విడిపోయారు. అతను వెళ్ళిపోయాడు, ఆమెకు మాత్రం ఆ ఇల్లు వదలాలని లేదు.

"నేనిచ్చిన అడ్వాన్సు ఇచ్చేయండి బాబాయ్," అన్నాడు.

"ఇచ్చినవాడిదే కాయ అనడానికి ఇదేమన్నా తోట అడ్వాన్సా అబ్బాయ్? అగ్రిమెంటు మీద ఇద్దరూ సంతకం పెట్టారు. నీ ఒక్కడికిస్తే రేపు ఆ అమ్మాయి నా పిలక పట్టుకుంటుంది. పైగా అందులో నీ పేరున్నన్నాళ్ళూ అద్దె బాకీ పడితే నిన్నూ అడుగుతాను."

డాబా గుమ్మంలోంచి వింటున్న సింధూర ముఖం వాడిపోయింది. "అయితే నేనూ ఖాళీ చేయాలా అండీ?"

"ఎందుకమ్మా? ముగ్గురం సంతకం పెట్టి పాతది రద్దు చేద్దాం. నీ పేరున కొత్తది రాస్తాను. అడ్వాన్సు దాని కింద నా దగ్గరే ఉంటుంది. అతని సగం అతనికి నువ్విచ్చెయ్."

"కాపు అయ్యాక ఇవ్వు, తొందరేం లేదు," అంటూ కృష్ణకాంత్ తన తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె లోపలికెళ్ళి కిటికీలన్నీ తెరిచింది. మంచులో ఆ ఇల్లు లంగరేసిన పడవలా మెల్లగా ఊగినట్టనిపించింది నాకు.