పండుగ భోజనానికి నేను పట్టుకెళ్ళిన పెట్టె

మా ఫ్యాక్టరీలో జెల్లీ మిఠాయిలు చేస్తారు. నాది ల్యాబ్ పని. ప్రతి బ్యాచ్ నుంచీ నాలుగు ముక్కలు తెప్పించుకుని, తేమెంత, పులుపెంత కొలిచి, ఏ లైన్లో తయారైందో రాసి, కాగితం మీదా పెట్టె స్టిక్కర్ మీదా సంతకం పెడతాను. ఒకటో లైన్లో పాకం గట్టిపడటానికి పండ్ల తొక్కల నుంచి తీసిన పెక్టిన్ వేస్తారు. రెండో లైన్లో పంది చర్మం నుంచి తీసిన జెలటిన్ వేస్తారు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మేస్త్రి గారు ఒకటో లైన్లో పాకం కాస్తారు. ఆయన ముస్లిం. పదకొండేళ్ళ సర్వీసులో రెండో లైన్ గడప తొక్కలేదు. ఒకటో లైన్ ముక్కైనా సరే, నేను సంతకం పెట్టాక గానీ నోట్లో వేసుకునేవారు కాదు.

"యంత్రాన్ని నమ్మను చెల్లెమ్మా, నిన్ను నమ్ముతాను" అనేవారు. నాకు లోపల మహా గొప్పగా ఉండేది. మా ఇంట్లో ఉప్పు సరిపోయిందో లేదో కూడా నా మాట నమ్మి ఎవరూ తినరు మరి.

ఈ రంజాన్ నెల చివరి వారంలో ఆయన ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి, పండుగ రోజు భోజనానికి రమ్మన్నారు. ఆయన ఇంటికి ఫ్యాక్టరీ నుంచి ఎవరినీ పిలవడం నేనెరగను. సంతోషం ఒక పక్క, భయం ఒక పక్క. నేను ఏ ఇంటికెళ్ళినా అనకూడని మాట అనేసి వచ్చే రకం. అందుకే సిగ్గు పడకుండా అడిగేశాను.

"మేస్త్రి గారూ, ఏమనాలి, ఏం తేవాలి, ఏం చెయ్యకూడదు? అన్నీ చెప్పెయ్యండి. నేను రాసుకుంటాను."

ఆయన పడీ పడీ నవ్వారు. "పరీక్షా ఇది? ఈద్ ముబారక్ అంటే చాలు. చెప్పులు గడప బయట విప్పు. మా వాళ్ళలో కొందరు మగాళ్ళు ఆడవాళ్ళతో చేతులు కలపరు, నువ్వు ముందు చెయ్యి చాచకు. గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వు. మా అమ్మైతే తనే దగ్గరికి లాక్కుంటుంది, అప్పుడు మొహమాటపడకు. కుడి చేత్తో తిను. వడ్డించిన ప్రతిదీ కొంచెమైనా రుచి చూడు, లేకపోతే అమ్మ నొచ్చుకుంటుంది."

"మరి తేవడానికి?"

"ఏమీ వద్దు. తేవాలనుకుంటే పళ్ళు తే, ఖర్జూరాలు తే, ఏదైనా తీపి తే. అందులో మందు కలిసినవీ, మనకు తెలుసుగా, ఆ రెండో లైన్ బాపతువీ కాకుండా చూడు. అది నీకు నేను చెప్పాలా?"

అది నాకెవరూ చెప్పక్కర్లేదని ఇద్దరం అనుకున్నాం.

"రోజు ఏది?"

"నెలవంక కనిపిస్తే ఎల్లుండి, లేకపోతే ఆ మర్నాడు. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేస్తా. మధ్యాహ్నం రా. పొద్దున్నే మేము నమాజుకు వెళ్తాం."

మర్నాడు సాయంత్రం ఏడింటికి, నేనింకా ల్యాబ్‌లో ఉండగానే ఫోన్ వచ్చింది, రేపే అని. మేస్త్రి గారి మనవడికి రంగు పెన్సిళ్ళు అప్పటికే కొన్నాను. తీపి మాత్రం మా ఫ్యాక్టరీదే పట్టుకెళ్ళాలనుకున్నాను. విరిగిన ముక్కల్ని అచ్చు లేని తెల్ల పెట్టెల్లో వేసి సిబ్బందికి ఇస్తారు. ఎడమ అల్మారాలో ఒకటో లైన్వి, కుడి అల్మారాలో రెండో లైన్వి. ఆ వేళ స్టోర్ గదిలో నేల కడుగుతున్నారని అల్మారాలు అటూ ఇటూ జరిపారు. నేను అలవాటు కొద్దీ ఎడమ పక్క చెయ్యి పెట్టి ఒక పెట్టె తీసుకున్నాను. రోజుకు వంద స్టిక్కర్లు చదివే మనిషిని, ఆ ఒక్కటి చదవలేదు. పైన పూల కాగితం చుట్టి, ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోయాను కూడా.

మేస్త్రి గారిల్లు మూడు గదుల వాటా. గడప బయట చెప్పులు విప్పాను. ఆయన కొత్త బట్టల్లో ఎదురొచ్చారు. గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఈద్ ముబారక్" అన్నాను. ఏ తప్పూ దొర్లలేదు. ఆయన తల్లి కుర్చీలోంచి లేచి మరీ నన్ను కావలించుకుంది. డెబ్బై దాటిన మనిషి, పిడికెడంత ఉంది, పట్టు మాత్రం గట్టిది.

"ఇదిగో తల్లీ, మా వాడు రోజూ నీ పేరే చెప్తాడు. నువ్వు సంతకం పెడితే కళ్ళు మూసుకుని తినొచ్చట."

"అంత లేదమ్మా" అన్నాను, ఉన్నట్టే నవ్వుతూ.

మేస్త్రి గారి భార్యా, కొడుకూ బంధువుల ఇళ్ళకు వెళ్ళారు. కోడలూ, ఆరేళ్ళ మనవడూ ఇంట్లో ఉన్నారు. పెట్టె పిల్లాడి చేతిలో పెట్టగానే కాగితం చీలికలైపోయింది. వాడు రెండు ముక్కలు ఒకేసారి బుగ్గన పెట్టుకున్నాడు. "నానమ్మకు పెట్టరా" అంది కోడలు, వాడి ముత్తవ్వను చూపిస్తూ. వాడు ఎర్ర ముక్క ఒకటి తీసి ముసలావిడ నోట్లో పెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని చప్పరించింది. నిజంగానే కళ్ళు మూసుకుంది.

కోడలు పెట్టె మూత నా పక్కన బల్ల మీద పెట్టింది. స్టిక్కర్ నా వైపే ఉంది. బ్యాచ్ నంబర్ చివరి అంకె లైన్ నంబర్. అది రెండు.

ముందు చదవడంలో పొరపాటనుకున్నాను. మళ్ళీ చదివాను. కింద నా పొట్టి సంతకమే ఉంది.

అదే సమయానికి మేస్త్రి గారు వంటింట్లోంచి వచ్చి గోడ గడియారం చూశారు. "చెల్లెమ్మా, నమాజు చేసుకుని వచ్చేస్తాం, పది నిమిషాలు. తర్వాత అందరం కూర్చుని తిందాం." ఆయన లోపలి గదిలో చాప పరిచారు. ముసలావిడ ఆయన వెనకాల కుర్చీ వేయించుకుంది. తలుపు తీసే ఉంది. నమాజులో ఉన్నవాళ్ళ ముందు నుంచి నడవకూడదనీ, పలకరించకూడదనీ నాకు తెలుసు. కదలకుండా కూర్చున్నాను.

చెప్పాల్సింది ఆయనకే కదా, లేచి రాగానే చెప్తాను అనుకున్నాను. ఇంటికొచ్చిన అతిథి పండుగ పూట ఇలాంటి మాట ఎలా ఎత్తుతుంది అనుకున్నాను. మర్యాద అనుకున్నాను. ఆ పది నిమిషాల్లో నాకు అన్నీ మర్యాదలే గుర్తుకొచ్చాయి.

నా ఎదురుగానే కోడలు నాలుగు పళ్ళేలు వరస పెట్టింది. ఒక్కోదాంట్లో అన్నం, మాంసం, గిన్నెలో పాలల్లో వండిన తీపి. చుట్టుపక్కల నాలుగిళ్ళకట. వాళ్ళూ ముస్లిములే, పండుగ పూట ఒకరింటి నుంచి ఒకరింటికి వెళ్తాయట.

"మీ మిఠాయిలు కూడా పెడతా అత్తయ్యా. మీరు తెచ్చారంటే వాళ్ళకీ గొప్పే" అని, పళ్ళేనికి నాలుగేసి ముక్కలు పెట్టింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, మళ్ళీ ఎరుపు.

వద్దమ్మా అని ఒక్క మాట. రెండక్షరాలు కాకపోతే మూడు. అది అనకుండా, నేను ఆ అమ్మాయి మొహం చూస్తూ నవ్వాను. అంతకంటే నీచమైన పని నా జన్మలో చెయ్యలేదు. ఆ అమ్మాయి పళ్ళేల మీద గుడ్డ కప్పి, పిల్లాణ్ణి వెంటేసుకుని, రెండు విడతలుగా మెట్లెక్కి దిగి వచ్చింది.

మేస్త్రి గారు చాప మడిచి బయటికి రాగానే లేచి నిలబడ్డాను. మూత ఆయన చేతిలో పెట్టాను. నోటితో చెప్పే ధైర్యం లేక అంకె మీద వేలు పెట్టాను.

ఆయన చదివారు. అరుస్తారేమో అనుకున్నాను. అరిచినా బాగుండేది.

"అమ్మ తిందా?" అన్నారు.

"ఒకటి. బాబు రెండు."

ఆయన తల్లి దగ్గరికెళ్ళి, వంగి, చెవిలో మెల్లగా చెప్పారు. ఆవిడ కొళాయి దగ్గరికెళ్ళి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. పిల్లాడి నోరూ కడిగింది. ఎన్నిసార్లు కడిగిందో నేను లెక్కపెట్టలేకపోయాను, నీళ్ళ చప్పుడు మాత్రం ఆగలేదు. తర్వాత పైట చెంగుతో మూతి తుడుచుకుంటూ నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఏడవకు తల్లీ. తెలియక తిన్నదానికి మాకు తప్పు లేదు. తెలిశాక తింటేనే తప్పు. నువ్వూ తెలియకే తెచ్చావు. అయిపోయింది."

"పళ్ళేలు..." అన్నాను.

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి గారు అప్పటికే చొక్కా సర్దుకుంటున్నారు.

"నేనూ వస్తాను మేస్త్రి గారూ. తప్పు నాది, నేను చెప్తాను."

"నువ్వు కూర్చో. పిలిచి తీసుకొచ్చి, పండుగ పూట నలుగురిళ్ళ ముందు నిన్ను నిలబెడతానా? మా ఇంటి మనిషివి." ఖాళీ సంచీ ఒకటి తీసుకుని వెళ్ళిపోయారు.

నేను కూర్చున్నాను. ముసలావిడ నాకు వడ్డించింది. కొంచెమైనా రుచి చూడాలి కాబట్టి చూశాను. కుడి చేత్తోనే తిన్నాను. ముద్ద ముద్దకీ నీళ్ళు తాగుతుంటే, కారం ఎక్కువైందేమోనని ఆవిడ కంగారుపడి పెరుగు వేసింది. పై అంతస్తులో తలుపు తెరిచిన చప్పుడు, మాటలు, తలుపు మూసిన చప్పుడు. కాసేపటికి ఇంకో తలుపు. ఒక ఇంట్లో ఎవరో ఆడమనిషి గొంతు పెద్దదైంది. మేస్త్రి గారి గొంతు మాత్రం పెరగలేదు.

అరగంటకు ఆయన తిరిగొచ్చారు. సంచీ అడుగున ముక్కలున్నాయి, వెళ్ళిన వాటికంటే బాగా తక్కువ. మిగిలినవి జనం తినేశారు. ఒకింట్లో వియ్యాలవారు భోజనానికి వచ్చి ఉన్నారట, వాళ్ళ ముందే చెప్పాల్సి వచ్చిందట. ఆ సంచీ బయట డబ్బాలో పడేసి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా కూర్చున్నారు. పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు.

"అంకె నువ్వు ఎప్పుడు చూశావు చెల్లెమ్మా?" అన్నారు.

నిలదీసినట్టు అడగలేదు. బ్యాచ్ ఎన్నింటికి దింపావని అడిగినట్టు అడిగారు. పళ్ళేలు వెళ్ళాక, మీరు నమాజు నుంచి లేచే ముందే చూశానని చెప్పేయొచ్చు. ఆయన నమ్ముతారు. అదే నన్ను చంపింది.

"మూత బల్ల మీద పెట్టగానే" అన్నాను. "పళ్ళేలు ఇంకా ఇక్కడే ఉన్నాయి. చూస్తూ కూర్చున్నాను."

కోడలు తల ఎత్తి నన్ను చూసింది. ముసలావిడ చేతిలోని గరిటె గిన్నెలో ఆగింది.

మేస్త్రి గారు తన అరచేతుల వైపు చూసుకున్నారు. నెల్లాళ్ళు పగటిపూట నీళ్ళు కూడా ముట్టకుండా, కోపం తెచ్చుకోకుండా, అబద్ధం ఆడకుండా పాకం కాచిన మనిషి.

"నాలుగిళ్ళలోనూ ఒకటే చెప్పి వచ్చాను" అన్నారు. "మిఠాయి తెచ్చిన అమ్మాయి తెలిసిన క్షణమే మాకు చెప్పేసింది, ఆమెను ఏమీ అనకండి అని."