ఎనభై ఏడో పేజీ అంచు

మేనేజరుగారు పల్లీలు నములుతూ మాట్లాడతారు, పొట్టు మాత్రం ఎదుటివాళ్ళ బల్ల మీదికి ఊదుతారు. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో పదకొండేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చునే ఆమెకు ఆ పొట్టంటేనే అసహ్యం. కీబోర్డును తలకిందులు చేసి దులిపిన ప్రతిసారీ గుప్పెడు రాలేది. దులుపుతూ ఆమె గొణిగే మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. ఆఫీసులో అందరూ ఆమెను కంప్యూటరమ్మ అనేవారు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది.

ఆ రోజు కూడా పల్లీలతోనే వచ్చి, ఒక పెన్ డ్రైవ్ బల్ల మీద పడేశారు. దాన్లో మెకానిక్కులు వాడే మాన్యువల్ ఉంది. పుస్తకం వెన్ను కోయించి, జిరాక్సు షాపులో రెండువందల పద్నాలుగు పేజీలూ స్కాన్ చేయించారట. ఇక నుంచి అందరి ఫోన్లలోనూ అదే ఉండాలి. మోతబరువు పుస్తకం చంకలో పెట్టుకుని లిఫ్టు నడిచే షాఫ్టులోకి దిగే పని ఉండదు.

ఆలోచన మంచిదే, కాదనలేం. కాకపోతే ఎ4 పేజీని ఉన్నదున్నట్టు ఫోన్లో తెరిస్తే చుట్టూ బోలెడు తెల్లటి అంచు, మధ్యలో చీమల బారుల్లా అక్షరాలు. గ్రీజు పూసిన బొటనవేలితో పేజీని సాగదీసి, అటు జరిపి ఇటు జరిపి చదివేసరికి మెకానిక్కుల ప్రాణం విసిగిపోతుంది. ఆ అంచులు కోసేసి, అక్షరాలు ఫోను వెడల్పంతా నిండేలా చేసిపెట్టమన్నారు మేనేజరుగారు.

అది ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. పుస్తకం కుట్టు పక్కన అంచు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, బేసి పేజీల్లో అక్షరాలు కుడికి జరిగి ఉంటాయి, సరి పేజీల్లో ఎడమకి. అన్నిటికీ ఒకే గీత గీస్తే సగం పేజీల్లో మాటల తోకలు తెగిపోతాయి. అందుకని బేసి పేజీలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించే కిటికీ తెరిచి ఒక చట్రం గీసింది, సరి పేజీలకు ఇంకొకటి. రెండు చట్రాల కొలతా ఒకటే ఉంచింది. లేకపోతే పేజీ తిప్పినప్పుడల్లా అక్షరం ఒకసారి పెద్దదీ ఒకసారి చిన్నదీ అవుతుంది. ఇరవై ఒక్క సెంటీమీటర్ల వెడల్పు పేజీ పదమూడుకి వచ్చింది. ఫోన్లో పెట్టి చూస్తే అక్షరం ఒకటిన్నర రెట్లకు పైనే పెరిగింది.

ఆ పేర్చిన బేసి పేజీల కుడి అంచున మాత్రం బూడిదరంగు మసక కనిపించింది. పెన్సిల్ రాతలు. ఎవరివో అడగక్కర్లేదు. ఆ ఆఫీసులో చెవి వెనక పెన్సిల్ లేకుండా ఎవరూ చూడని మనిషి ఒక్కరే, పెద్ద మెకానిక్. అందరికీ పెన్సిల్ బాబాయి. పుస్తకంలో తప్పు కనబడ్డా, పుస్తకంలో లేని సంగతి చేతికి తగిలినా ఇరవై ఆరేళ్ళుగా ఆ అంచుల మీదే రాస్తూ వచ్చాడు.

అంచుల్లో రాతలున్నాయనీ, రాతలున్న పేజీలను కోయకుండా వదిలేద్దామా అనీ ఆమె అడిగింది. మేనేజరుగారు పొట్టు ఊదారు.

"ఆ పిచ్చిగీతలు ఎవడిక్కావాలి? పేజీలన్నీ ఒక్క సైజులో, తెల్లగా ఉండాలి. కోసెయ్."

ఆమె కోసేసింది.

పంపే ముందు ఆయన మళ్ళీ చూసి మొహం చిట్లించారు. సగం పేజీ కోశాక కూడా ఫైలు సైజు తగ్గకుండా మునుపటి నలభై ఆరు ఎంబీలే ఎందుకుందని నిలదీశారు. కోయడమంటే కత్తిరించి పారేయడం కాదనీ, కనిపించే చట్రాన్ని చిన్నది చేయడమేననీ, చట్రం బయటిదంతా ఫైల్లో అలాగే ఉంటుందనీ ఆమె చెప్పబోయింది. "సార్, అసలు ఇది..." అనేలోపే ఆయన చెయ్యెత్తారు. తనకు పాఠాలు చెప్పొద్దనీ, ఉన్నది ఉన్నట్టు పంపేయమనీ అన్నారు. మెకానిక్కులందరి ఫోన్లకూ పంపేసింది. వెన్ను కోసిన పుస్తకం ఆ వారమే పాతకాగితాల బండి ఎక్కింది.

నాలుగు నెలలు అంతా బాగానే నడిచింది. మెకానిక్కులు ఆమెను మెచ్చుకున్నారు కూడా.

తర్వాత ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన మెకానిక్ ఒక భవనంలో ఖాళీ లిఫ్టు క్యాబిన్ పైకప్పు మీద నిలబడి పని చేస్తున్నాడు. అతను అంతకుముందు నూనె ఒత్తిడితో నడిచే లిఫ్టుల మీద పనిచేసినవాడు. వాటిని చేత్తో వదిలితే ఎప్పుడైనా కిందికే దిగుతాయి. క్యాబిన్ రెండడుగులు దిగితే పని సులువవుతుందనిపించింది. ఫోను తీశాడు, ఎనభై ఏడో పేజీ తెరిచాడు. బ్రేకు చేత్తో విడిస్తే క్యాబిన్ నెమ్మదిగా దిగుతుందని అచ్చులో ఉంది. పైన మెషిన్ రూమ్‌లో ఉన్న తోటి మెకానిక్‌కు విడవమని కేకేశాడు. తాడుతో నడిచే లిఫ్టులో అవతలి కొసన ఇనుప దిమ్మలుంటాయి, ఖాళీ క్యాబిన్ కన్నా అవే బరువు. క్యాబిన్ దిగలేదు, ఎక్కింది. పైన దూలానికీ క్యాబిన్‌కీ మధ్య అతని భుజం నలిగిపోయింది. అరుపు విని పైవాడు మీట వదిలేస్తే బ్రేకు మళ్ళీ పట్టుకుంది కాబట్టి మనిషి మిగిలాడు.

ఆమె ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చింది. అతని భార్య చెంచాతో పెడుతుంటే తింటున్నాడు. కుడిచెయ్యి ఇక భుజం పైకి లేవదన్నారట.

మేనేజరుగారు ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆ సాయంత్రమే ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాయించారు, రాసింది కూడా ఆమే. కొత్తవాళ్ళకు పని నేర్పే బాధ్యత పెద్ద మెకానిక్‌దనీ, ఇంత ముఖ్యమైన జాగ్రత్త చెప్పకపోవడం అతని నిర్లక్ష్యమనీ, అతన్ని పనిలోంచి తీసేయాలనీ సారాంశం.  ఆమె కొడుతుంటే ఆయన పక్కనే నిలబడి, నిర్లక్ష్యం అన్న మాట ముందు ఘోరమైన అని చేర్చమన్నారు. చేర్చాక, గోటితో పన్ను సందులోని పల్లీ ముక్క తీసుకుని, ఆ వేలు ఆమె ఫైలు అట్టకే తుడిచారు.

మూడో రోజు విచారణకు ప్రధాన కార్యాలయం నుంచి భద్రతాధికారి వచ్చింది. కళ్ళజోడు, పొట్టి జుట్టు, తక్కువ మాటలు. ఆవిడ లోపలికి రాకముందే మేనేజరుగారు కంప్యూటరమ్మ బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు.

"అంచుల సంగతి ఎత్తావో, కోసింది నీ చేతులే. అది గుర్తుపెట్టుకో."

గదిలో ఆవిడ, మేనేజరుగారు, కంప్యూటరమ్మ, పెద్ద మెకానిక్, నలుగురే. పెన్సిల్ బాబాయి కుర్చీ అంచున కూర్చున్నాడు. కొత్తవాడు చేరిన వారంలో తాను వేరే ఊరి పని మీద ఉన్నానని ఒప్పుకున్నాడు. నోటితో చెప్పకపోయినా ఆ జాగ్రత్తను ఆరేళ్ళ కిందటే ఎనభై ఏడో పేజీ అంచున రాశానన్నాడు. అంచున ఏం రాసినా మేనేజరుకు చూపించి సంతకం చేయించుకోవడం అక్కడి ఆనవాయితీ. సంతకం పడ్డాక, అచ్చులో తప్పుందని లిఫ్టు తయారు చేసినవాళ్ళకు రాసి సరిచేయించాల్సింది మేనేజరే. ఆ రాతను కూడా ఈ మేనేజరుగారే చూసి సంతకం పెట్టారని బాబాయి చెప్పాడు.

పుస్తకం ఎక్కడుందని భద్రతాధికారి అడిగింది. పాడైపోతే తీసేశామనీ, దాని అచ్చమైన నకలు ఇదేననీ మేనేజరుగారు తన ఫోను చాపారు. ఎనభై ఏడో పేజీ. ఫోను వెడల్పంతా నల్లటి అక్షరాలు, పక్కన పెన్సిల్ గీత ఒక్కటైనా లేదు. ఆవిడ పేజీని సాగదీసి చూసింది, పక్కకు జరిపి చూసింది.

"చూశారుగా మేడమ్, ఏమీ లేదు," అన్నారాయన. "పెద్దవాడు. భయంలో ఏదో అంటున్నాడు."

బాబాయి చెవి వెనక పెన్సిల్ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషిని అబద్ధాలకోరుని చేసి, పైగా వయసు మీద జాలి కూడా చూపిస్తున్న ఆ మొహాన్ని చూస్తే కంప్యూటరమ్మకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. ఆ మనిషి పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఉద్యోగం పోతే పోయిందనుకుంది.

తన కంప్యూటర్‌లో ఒకటి చూపిస్తానని భద్రతాధికారిని పిలిచింది. అందరూ లేచి ఆమె బల్ల చుట్టూ చేరారు. మెకానిక్కులకు పంపిన ఫైలే తెరిచింది, ఎనభై ఏడో పేజీకి వెళ్ళింది. కోత కిటికీ తెరిచి, నాలుగు వైపులా ఉన్న అంకెల్ని సున్నా చేసి, సరే నొక్కింది.

పేజీ విచ్చుకుంది. అక్షరాలు చిన్నవయ్యాయి. కుడివైపు తెల్లటి అంచు మీద బాబాయి గుండ్రటి రాత నిలబడింది. తాడు లిఫ్టులో ఖాళీ క్యాబిన్ కిందికి కాదు, పైకి పోతుంది. క్యాబిన్ మీద మనిషి ఉండగా బ్రేకు ముట్టుకోవద్దు. కింద ఆరేళ్ళ కిందటి తేదీ, తేదీ పక్కన ఆకుపచ్చ సిరాతో చూశాను అన్న మాట, మేనేజరుగారి సంతకం.

ఆకుపచ్చ సిరా ఆ ఆఫీసులో ఇంకెవరూ వాడరు. ఆయన జేబులో ఆ పెన్ను అప్పుడూ ఉంది.

 మేనేజరుగారి నోటి నుంచి మాట జారిపోయింది.

"కోసేశానన్నావు కదే!"

"కోశాను సార్. అది చెరిపెయ్యడం కాదని చెప్పబోయాను. మీరు విన్లేదు."

భద్రతాధికారి ఆయన వైపు చూడను కూడా చూడలేదు. అన్ని పేజీలూ అలాగే తెరిచి ఫైలు తనకు పంపమంది. ఆకుపచ్చ సంతకాలు నలభై మూడు తేలాయి. తయారీవాళ్ళకు వెళ్ళిన ఉత్తరం ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం మేనేజరుగారు తన గది తాళాలు అప్పజెప్పి వెళ్ళారు. పల్లీల పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. చేత్తో ముట్టుకోబుద్ధి కాక, ఆమె దాన్ని స్కేలుతో చెత్తబుట్టలోకి తోసింది.

మర్నాడు కూర్చుని చట్రాలు మళ్ళీ గీసింది. ఈసారి రాత ఎంతవరకు పోయిందో చూసి, అంతవరకు అంచు ఉంచింది. ఫోన్లో అక్షరం కాస్త చిన్నదయింది. చదవడానికి ఫోను అడ్డంగా తిప్పుకోమని అందరికీ చెప్పింది. ఎవరూ సణగలేదు.

బాబాయి వచ్చి వెనక నిలబడి, పేజీలు తిరుగుతుంటే చూశాడు. ఆమె ఒక్కొక్కటీ చదువుతోంది. నూట ఐదో పేజీ అంచున తలుపు స్ప్రింగు గురించి, నూట పందొమ్మిదిలో తడి చేతుల గురించి. బాబాయి అడిగాడు.

"అమ్మాయ్, అప్పుడు కోసేటప్పుడు ఒక్కటైనా చదివావా?"

బేసి పేజీలన్నీ పేర్చినప్పుడు కుడి అంచున కనబడ్డ బూడిద మసక ఆమెకు గుర్తొచ్చింది. నూట ఏడు పేజీలు, ఒక్క నొక్కు.

"లేదు బాబాయ్," అంది.

బాబాయి జేబులోంచి బ్లేడు తీసి, పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టాడు. పొట్టు అంతా తన అరచేతిలోనే పట్టుకున్నాడు, ఆమె బల్ల మీద ఒక్క పొర కూడా పడనివ్వలేదు.